మూడే మూడు వాక్యాలు... అవీ నీ మాటల్లో!

మా అక్క కూతురు ఆరో తరగతి. ఇంట్లో అందరం బుజ్జి అనే పిలుస్తాం. మొన్న జూలైలో ఓ ఆదివారం బుజ్జి తెలుగు పరీక్ష పేపర్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. ‘కింది గద్యాన్ని చదివి, మూడు వాక్యాల్లో సొంతంగా రాయండి’ అన్న ప్రశ్నకి అయిదుకి సున్నా. పక్కనే ఎర్ర పెన్నుతో ‘ఇది నీ సొంతం కాదు’ అని రాసుంది.

‘‘చూసి రాశావా?’’ అన్నాను.

‘‘చూసే రాయాలి కదా పిన్నీ! గద్యం పేపర్లోనే ఇచ్చారు’’ అంది, తప్పంతా నాదే అన్నట్టు.

ఆ మాటకి నవ్వొచ్చింది కానీ, లోపల మాత్రం చిన్నగా గుచ్చుకుంది. ఎందుకంటే పీజీలో నా ప్రాజెక్టు రిపోర్టు ఇలాగే వెనక్కొచ్చింది. కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌లో పెడితే సగం పేజీలు ఎర్రరంగులో తేలాయి. ‘నేను మాటలన్నీ మార్చాను సార్’ అని వాదించాను. ఆయన ఒక పేజీ తెరిచి, ‘మాటలు మార్చావమ్మా, వాక్యాలు వాళ్లవే’ అన్నారు. ఇరవై రెండేళ్లు వచ్చాక, నలుగురి ముందు ఆ మాట పడ్డాను. బుజ్జికి ఇంకా పదకొండే కదా, ఇప్పుడే నేర్పిద్దాం అని కూర్చున్నా. ఒక్క ఆదివారంలో అయిపోతుందనుకున్నాను. నాలుగు ఆదివారాలు పట్టింది!

మొదటి వారం నేనే ఓ గద్యం రాసిచ్చాను, అచ్చం పాఠ్యపుస్తకం భాషలో. ఇదిగో, మీరూ ఒకసారి చదవండి. తర్వాత చెప్పేదంతా దీని గురించే.

*విజయవాడకు సమీపంలోని కొండపల్లి కొయ్య బొమ్మలకు ప్రసిద్ధి చెందింది. ఇక్కడి కళాకారులు తరతరాలుగా ఈ వృత్తినే నమ్ముకొని జీవిస్తున్నారు. బొమ్మల తయారీకి తెల్ల పొణికి అనే చెట్టు కర్రను ఉపయోగిస్తారు. ఈ కర్ర తేలికగా, మెత్తగా ఉండటం వల్ల చెక్కడానికి అనువుగా ఉంటుంది. ముందుగా కర్రలోని తేమ పోయేలా సన్నని సెగపై ఆరబెడతారు. తరువాత చేతులు, కాళ్లు, తల వంటి భాగాలను విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో ఆ భాగాలను అతికిస్తారు. చివరగా రంగులు అద్దుతారు. ఏనుగు అంబారీ, ఎడ్లబండి, దశావతారాలు వంటి బొమ్మలు ప్రజాదరణ పొందాయి. అయితే చుట్టుపక్కల కొండల్లో పొణికి చెట్లు తగ్గిపోవడంతో కర్ర దొరకడం కష్టమవుతోంది. ఫలితంగా కొత్త తరం వారు ఇతర పనుల వైపు మళ్లుతున్నారు.*

మొత్తం పదకొండు వాక్యాలు. బుజ్జి రెండు నిమిషాల్లో రాసేసింది. ఏం రాసిందో ఊహించండి... మొదటి వాక్యం, మూడో వాక్యం, ఆఖరి వాక్యం. యథాతథంగా!

‘‘ఇవే ఎందుకు తీసుకున్నావే?’’

‘‘ఫస్టు లైను, మధ్యలో ఓ లైను, లాస్టు లైను. మా క్లాసులో అందరం అలాగే రాస్తాం పిన్నీ.’’

బద్ధకం కాదు, భయం

నేను మొదట చేసిన తప్పు చెబుతాను. ‘కాపీ కొట్టకూడదు, నీ మాటల్లో రాయి’ అని నాలుగుసార్లు గట్టిగా చెప్పాను. పిల్ల పెన్ను పట్టుకుని పేపర్ కేసి చూస్తూ కూర్చుంది. పది నిమిషాలు దాటినా ఒక్క అక్షరం లేదు. కళ్లలో నీళ్లు మాత్రం వచ్చేశాయి.

‘‘నా మాటల్లో రాస్తే తప్పులొస్తాయి పిన్నీ. పుస్తకంలో ఉన్నదైతే తప్పుండదు కదా’’ అంది చివరికి.

నాకు అప్పుడు వెలిగింది. పిల్ల బద్ధకంతో కాపీ కొట్టట్లేదు. ‘అనువుగా ఉంటుంది’, ‘ప్రజాదరణ పొందాయి’, ‘వైపు మళ్లుతున్నారు’ లాంటి మాటలు ఇంట్లో ఎవరం మాట్లాడం. తను మాట్లాడే తెలుగు పరీక్షలో చెల్లదని ఎక్కడో నేర్చేసుకుంది. పుస్తకం భాష చేతకాదు, ఇంటి భాష రాయకూడదు. ఇంక మిగిలిందేముంది? దించడమే.

దీనిమీద పరిశోధనలు కూడా ఉన్నాయి. అమెరికాలో యాన్ బ్రౌన్, జీన్ డే అనే ఇద్దరు వేర్వేరు వయసుల విద్యార్థులు సారాంశం ఎలా రాస్తారో గమనించి 1983లో ప్రచురించారు. అయిదో తరగతి పిల్లలకి అక్కర్లేనిది కొట్టేయడం బాగానే వచ్చట. కొట్టేయగా మిగిలింది మాత్రం దాదాపు ఉన్నదున్నట్టే రాసేవాళ్లు. పేరా మొత్తాన్నీ కలిపి, అందులో లేని కొత్త వాక్యం ఒకటి సొంతంగా కట్టడం అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చే విద్య. కాలేజీ వాళ్లకీ అది కష్టమే అయ్యిందట. అది చదివాక బుజ్జి మీద కోపం పోయింది. నా పీజీ రిపోర్టు మీద సిగ్గు కూడా కాస్త తగ్గిందనుకోండి!

నాకు తోచింది ఏంటంటే, గద్యం కళ్ల ముందు ఉన్నంతసేపు కొత్త వాక్యం పుట్టదు. కన్ను ఆ లైను మీదికే పోతుంది, చెయ్యి దాన్నే రాస్తుంది. కాబట్టి పుస్తకం మూసేయాలి. మూసేశాక రాయమనకూడదు, ముందు చెప్పమనాలి.

అమ్మమ్మకి వాయిస్ మెసేజ్

ఎవరికి చెప్పాలి? నాకు చెప్పమంటే బుజ్జి ఒప్పుకోలేదు. ‘నీకు తెలుసు కదా, నువ్వే రాశావు’ అంది. నిజమే, వినేవాళ్లకి ముందే తెలిస్తే చెప్పేవాళ్లు సగం మింగేస్తారు. అప్పుడు మా అమ్మ తెనాలిలో మామయ్య వాళ్లింట్లో ఉంది. ఆవిడకి ఈ గద్యం సంగతే తెలియదు. సరే, అమ్మమ్మకి వాయిస్ మెసేజ్ పెట్టు అన్నాను.

దానికి మేం పెట్టుకున్న పద్ధతి ఇది. గద్యం రెండుసార్లు చదవాలి. మొదటిసారి పెన్సిల్ ముట్టుకోకుండా, ఆపకుండా చివరిదాకా. పిల్లలు మొదటి వాక్యం నుంచే గీతలు గీయడం మొదలెడితే అన్నీ ముఖ్యమే అనిపిస్తాయి, పేజీ అంతా గీతలే! రెండోసారి చదివేటప్పుడు అర్థంకాని మాటలు అడగాలి. ‘మక్కు’ అంటే ఏంటి, ‘అంబారీ’ అంటే ఏంటి అని బుజ్జి అడిగింది. అర్థంకాని మాటని ఎవరూ సొంతంగా చెప్పలేరు, దాన్ని ఎత్తి రాయాల్సిందే కదా. అన్నీ తెలిశాక కాగితం బోర్లా పెట్టేసి, మైక్ బటన్ నొక్కాలి.

ఆ మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. ఉన్నదున్నట్టు రాస్తున్నా:

‘‘అమ్మమ్మా, కొండపల్లి ఉంది కదా, అక్కడ బొమ్మలు చేస్తారంట. ఒక చెట్టు కర్రతోనే చెయ్యాలంట, అది అస్సలు బరువుండదంట. కాళ్లు వేరే, తల వేరే చేసి అంటిస్తారంట. ఇప్పుడేమో ఆ చెట్లు తగ్గిపోయాయంట, అందుకని వాళ్ల పిల్లలు వేరే పనులకి వెళ్లిపోతున్నారంట. అంతే. తిన్నావా?’’

ఎన్ని వాక్యాలో లెక్కపెట్టండి. ‘అంతే, తిన్నావా’ తీసేస్తే నాలుగు. పది నిమిషాలు ఏడుపుమొహంతో ఒక్క అక్షరం రాయలేని పిల్ల, అరనిమిషంలో పదకొండు వాక్యాల గద్యాన్ని నాలుగింటికి తెచ్చేసింది. కర్ర దొరక్కపోవడానికీ, పిల్లలు వెళ్లిపోవడానికీ మధ్య ‘అందుకని’ కూడా తనే పెట్టుకుంది.

వెంటనే మా అమ్మ తిరుగు మెసేజ్: ‘‘చెట్లు ఎందుకు తగ్గిపోయాయే? కొట్టేశారా?’’

బుజ్జి కాగితం తిప్పి వెతికింది. ‘‘అది ఇందులో లేదు అమ్మమ్మా’’ అని జవాబిచ్చింది. ఇది చిన్న సంగతి కాదు. గద్యంలో లేనిది లేదు అనగలిగిందంటే, ఉన్నదేమిటో తెలిసినట్టే.

ఒకవేళ పిల్లలు అరనిమిషం కూడా మాట్లాడలేక నసిగితే? అక్కడ సమస్య రాతలో లేదు, చదివింది అర్థంకాలేదని గుర్తు. అప్పుడు మళ్లీ చదివించి అర్థం చెప్పాలి. సారాంశం రాయమని ఎంత ఒత్తిడి చేసినా ఉపయోగం ఉండదు.

మాట నుంచి రాతకి వచ్చేసరికి

రెండో వారం, ఆ మెసేజ్ వింటూ రాయమన్నాను. గద్యం చూడకూడదు, తన గొంతు తనే వినాలి. ‘చేస్తారంట’ని ‘చేస్తారు’ అనీ, ‘చెయ్యాలంట’ని ‘చేయాలి’ అనీ మార్చడం తనకి పెద్ద కష్టం కాలేదు. ఇంటి తెలుగుని పరీక్ష తెలుగు చేయడానికి అంత దూరం ఏమీ వెళ్లక్కర్లేదని అప్పుడే తెలిసింది ఇద్దరికీ.

కానీ నాలుగింటిని మూడు చేయమన్నప్పుడు అసలు తమాషా మొదలైంది. బుజ్జి రాసింది చూడండి:

‘కొండపల్లిలో తెల్ల పొణికి కర్ర తెచ్చి, ఆరబెట్టి, చేతులు కాళ్లు తల చెక్కి, మక్కుతో అతికించి, రంగులు వేసి ఏనుగు అంబారీ, ఎడ్లబండి, దశావతారాలు బొమ్మలు చేస్తారు.’

ఒక్కటే వాక్యం! ఫుల్‌స్టాప్ ఒకటే ఉంది కాబట్టి లెక్క ప్రకారం తప్పు పట్టలేం. ఇది మన తెలుగుతో వచ్చే చిక్కు. తెచ్చి, ఆరబెట్టి, చెక్కి, అతికించి... అని ‘ఇ’తో ఆగే క్రియలు ఎన్నయినా గొలుసులా కలుపుకుంటూ పోవచ్చు. రైలుకి పెట్టెలు తగిలించినట్టు. మొత్తం పాఠాన్ని ఒక్క వాక్యంలో కుక్కేయొచ్చు. అది కుదించడం కాదు, ఇరికించడం.

అందుకని ఓ నియమం పెట్టుకున్నాం. ఒక వాక్యంలో అలాంటి క్రియ ఒకటి ఉండొచ్చు, మహా అయితే రెండు. మూడోది వచ్చిందంటే ఆగి, ఆ పనులన్నిటికీ కలిపి ఒక్క మాట వెతకాలి. దాన్ని మేం ‘గొడుగు మాట’ అన్నాం. ఇడ్లీ, దోసె, ఉప్మా, పెసరట్టు... గొడుగు మాట ‘టిఫిన్లు’. బీరకాయ, దొండకాయ, బెండకాయకి ‘కూరగాయలు’. ఈ ఆట వంటింట్లో పది నిమిషాలు ఆడాం. బుజ్జికి బాగా నచ్చింది, నన్నే ఎదురు అడగడం మొదలెట్టింది. ‘‘చెప్పు పిన్నీ, చీపురు, చేట, బకెట్?’’ నేను తెల్లమొహం వేశాను. ‘‘ఇంటి సామాను!’’ అంది తనే.

వస్తువులకి గొడుగు మాట తేలిగ్గా దొరుకుతుంది. పనులకే కష్టం. ఆరబెట్టడం, చెక్కడం, అతికించడం, రంగులద్దడం... వీటన్నిటికీ ఏమంటాం? బుజ్జి చాలాసేపు ఆలోచించింది. ‘‘అన్నీ చేత్తోనే చేస్తున్నారు కదా?’’ అంది. ఆ ‘చేత్తోనే’ అనే మాట గద్యంలో ఎక్కడా లేదు, వెళ్లి చూసుకోండి! కానీ గద్యం చెప్తున్నది అదే. బ్రౌన్, డే చెప్పిన ఆ అన్నిటికన్నా కష్టమైన పని, మా బుజ్జి ఆదివారం సాయంత్రం పకోడీలు తింటూ చేసింది. (పిన్నిని కదా, కొంచెం గొప్పలు చెప్పుకోనివ్వండి.)

ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

ఇక్కడ బుజ్జికీ నాకూ చిన్న గొడవ అయింది. చింతగింజల పొడితో చేసే మక్కు తనకి తెగ నచ్చేసింది. ‘చింతగింజలతో జిగురు పిన్నీ! అది రాయకపోతే ఎలా?’ అని పట్టుబట్టింది. ఆసక్తిగా ఉన్నదీ, ముఖ్యమైనదీ ఒకటే అనుకోవడం పిల్లలకి సహజం. మనకి మాత్రం కాదా? సినిమా కథ చెప్పమంటే ఇంటర్వెల్ ఫైట్ గురించే చెప్తాం.

దీనికి తీసేసి చూడటమే మార్గం. ‘‘మక్కు సంగతి అమ్మమ్మకి చెప్పావా మెసేజ్‌లో?’’ అన్నాను. చెప్పలేదు. ‘‘మరి అమ్మమ్మకి అర్థమైందా?’’ అయింది. ‘‘చెట్లు తగ్గిపోయాయని చెప్పకపోతే?’’ బుజ్జి కాసేపు ఆలోచించి, ‘‘పిల్లలు ఎందుకు వెళ్లిపోతున్నారో అర్థం కాదు’’ అంది. ఆ ముక్క తీసేస్తే ఇంకో ముక్క కూలిపోతుందా లేదా అన్నదే పరీక్ష. చెట్ల సంగతి తీస్తే కూలుతుంది. మక్కు తీస్తే ఏమీ కాదు. అయినా బుజ్జి మొహం చిన్నబోయింది, పాపం. మక్కు గురించి వేరే కాగితం మీద బొమ్మ వేసుకుంది.

మూడు వాక్యాలకి మూడు పనులు అప్పజెప్పాం. మొదటిది దేని గురించో చెప్పాలి. రెండోది అది ఎలా జరుగుతుందో, మూడోది చివరికి ఏమైందో, ఎందుకైందో చెప్పాలి. ఇది సమాచారం ఇచ్చే గద్యానికి బాగా కుదిరింది. కథకి మాత్రం కుదరలేదు. మూడో వారం నుంచి ఎదురింటి అయిదో తరగతి కుర్రాడు కూడా వచ్చి కూర్చునేవాడు. వాడికి కోతి, మొసలి కథ ఇస్తే మూడు వాక్యాలూ అయిపోయేసరికి కోతి ఇంకా చెట్టు మీదే ఉంది! నది, నేరేడు చెట్టు, పళ్లు... అక్కడే ఆగిపోయాడు. మొదటి నుంచి మొదలెడితే పిల్లలందరిదీ అదే పరిస్థితి. అందుకని వాణ్ని వెనక నుంచి చెప్పమన్నాను. ‘‘చివరికి ఏమైంది?’’ కోతి తప్పించుకుంది. ‘‘ఎవరి నుంచి, ఎందుకు?’’ మొసలి గుండె కావాలని నదిలోకి తీసుకెళ్లింది. ‘‘ఎలా తప్పించుకుంది?’’ గుండె చెట్టు మీద ఉందని అబద్ధమాడింది. ఇక తిరగేసి రాసుకుంటే మూడు వాక్యాలు వచ్చేశాయి. నేరేడు పళ్లు పోయాయి, వాడేం బాధపడలేదు.

మళ్లీ పుస్తకం తెరిచేది ఇప్పుడే

రాయడం అయ్యాక గద్యం తెరవాలి. ఇది చాలామంది వదిలేస్తారు. గుర్తున్నది రాస్తే తప్పులు దొర్లుతాయి. పైగా బాగా గుర్తున్న వాక్యం తెలియకుండానే అచ్చు దిగిపోతుంది. బుజ్జి పెన్సిల్ పట్టుకుని రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. వరసగా నాలుగు మాటలు గద్యంలో ఉన్నట్టే ఉంటే కింద గీత గీయాలి. గీత పడిన వాక్యాన్ని సరిచేయకూడదు, కాగితం మళ్లీ బోర్లా పెట్టి నోటితో చెప్పి మళ్లీ రాయాలి. నాలుగు మాటలు అన్నది నేను పెట్టిన లెక్క, శాస్త్రమేమీ కాదు. మీరు మూడు పెట్టుకోండి, అయిదు పెట్టుకోండి.

అయితే ‘కొండపల్లి’, ‘తెల్ల పొణికి’ లాంటి పేర్లు కాపీ కాదు. బుజ్జి మొదట్లో అవి కూడా మార్చబోయింది. ‘తెల్ల పొణికి’ని ‘తెల్లటి చెట్టు’ చేసింది! అది వేరే చెట్టయిపోతుందే అని నవ్వాను. పేర్లు, ఊళ్లు, సంవత్సరాలు ఉన్నవి ఉన్నట్టే ఉంచాలి.

దీనికి పూర్తిగా రివర్సులో ఇంకో దొంగదారి ఉంది. అది ఎదురింటి కుర్రాడు పట్టాడు. ‘చెట్టు’ బదులు ‘వృక్షం’, ‘ఉపయోగిస్తారు’ బదులు ‘వాడతారు’, ‘కష్టం’ బదులు ‘ఇబ్బంది’. వరసగా నాలుగు మాటలు ఎక్కడా కలవవు, గీత ఒక్కటీ పడదు. కానీ వాక్యాల వరస అదే, ప్రతి వాక్యం నడక అదే. నా పీజీ రిపోర్టు కళ్ల ముందు కనబడింది! వాణ్ని తిట్టడానికి నోరు రాలేదు. ‘‘ఇది మీ అమ్మకి ఇలాగే చెప్తావా?’’ అని మాత్రం అడిగాను. ‘‘బొమ్మల తయారీకి వృక్షం కర్రను వాడతారు’’ అని వాళ్లమ్మతో అన్నట్టు ఊహించుకుని వాడే పగలబడి నవ్వాడు. నోటితో అనలేని వాక్యం కనబడితే, అది మాటలు మార్చి దించిందేమో అని అనుమానించొచ్చు.

ఆఖర్న ఇంకోటి. మన పిల్లలకి ప్రతిదానికీ నీతి చెప్పడం అలవాటు చేసేశాం. బుజ్జి మూడో వాక్యంగా ‘కావున మనమందరం కొండపల్లి బొమ్మలు కొని కళాకారులను ఆదుకోవాలి’ అని రాసింది. మంచి మాటే. గద్యంలో అయితే లేదు. ‘‘అమ్మమ్మ చెట్లు కొట్టేశారా అంటే ఏం చెప్పావు?’’ అన్నాను. నాలుక కరుచుకుని కొట్టేసింది.

నాలుగో వారం బుజ్జి ఫైనల్‌గా రాసింది ఇదీ:

‘కొండపల్లిలో తెల్ల పొణికి అనే బరువులేని కర్రతో బొమ్మలు చేస్తారు. ఒక్కో బొమ్మని ముక్కలుగా చేసి కలుపుతారు, పనంతా చేత్తోనే. ఇప్పుడు ఆ చెట్లు తక్కువైపోయాయి కాబట్టి వాళ్ల పిల్లలు ఈ పని వదిలి ఉద్యోగాలకు వెళ్తున్నారు.’

గద్యం తెరిచి పోల్చుకుంటూ ‘ఉద్యోగాలకు’ దగ్గర తనే ఆగింది. ‘‘ఉద్యోగాలని లేదు పిన్నీ, పనులని ఉంది. కూలికి కూడా వెళ్తుండొచ్చు కదా’’ అని దిద్దుకుంది. ‘బరువులేని’ కూడా ఎక్కువైపోయిందని ‘తేలికైన’ చేసింది. ‘తేలిక’ గద్యంలో ఉన్న మాటే. పోనీ, ఒక్క మాటే కదా!

మరి మార్కులు?

అసలు సంగతి అదే కదా. సెప్టెంబర్ పరీక్షలో బుజ్జికి ఆ ప్రశ్నకి అయిదుకి మూడు వచ్చాయి. సున్నా నుంచి మూడు. అక్క సంతోషించింది, నేను మాత్రం తగ్గిన రెండూ ఎందుకో తెలుసుకుందామని పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లాను. టీచర్ చాలా మర్యాదగా మాట్లాడారు. ‘‘బాగా రాసింది. కానీ వ్యవహారంలో రాసేసింది, ఓ చోట ‘అంట’ అని కూడా వదిలేసింది’’ అన్నారు. అది ఒప్పుకోవాల్సిందే, మెసేజ్ భాష పూర్తిగా వదల్లేదు.

తర్వాత ఆవిడే నెమ్మదిగా ఇంకో మాట చెప్పారు. ఆవిడకి రెండు సెక్షన్లు, దాదాపు తొంభై పేపర్లు. అందరూ పుస్తకంలో లైన్లు రాస్తే కన్నుతో చూసి మార్కు వేసేయొచ్చు. సొంతంగా రాస్తే ప్రతిదీ చదవాలి, అది సరైనదో కాదో ఆలోచించాలి. ‘‘వేరే ప్రశ్నల్లో మాత్రం మీ పాప నోట్సులో ఉన్నట్టు రాస్తేనే నాకు వీలు’’ అని నవ్వారు. నేనూ నవ్వాను కానీ, ఇంటికొచ్చేదాకా ఆ మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. ఒక ప్రశ్నకి చూసి రాస్తే సున్నా, పక్క ప్రశ్నకి చూడకుండా కంఠతా పట్టి రాస్తే ఫుల్ మార్కులు. పదకొండేళ్ల పిల్లకి ఈ తేడా ఎలా చెప్పాలి? బుజ్జికి ఉన్నది ఉన్నట్టే చెప్పాను. ‘ఓ, ఆ ప్రశ్నకి అలా, ఈ ప్రశ్నకి ఇలా. సరే’ అంది. నేను పడినంత బాధేమీ పడలేదు!

మీ ఇంట్లోనూ తమ్ముడో, చెల్లో, అక్క పిల్లలో ఉండి, ఇది చేద్దామనుకుంటే గద్యం ఎంచుకునేటప్పుడు కాస్త చూడండి. పది పన్నెండు వాక్యాలుండాలి, పిల్లలకి కాస్తయినా తెలిసిన విషయమై ఉండాలి. రెండు, మూడు తరగతుల పిల్లలకైతే మూడు వాక్యాలు ఎక్కువ, ఒక్కటి చెప్పించండి చాలు. పద్యాల జోలికి పోకండి, అక్కడ మాటే అసలు సరుకు.

చిన్న గద్యం ఇస్తే ఏమవుతుందో కూడా మాకు తెలిసొచ్చింది. మొన్న ఆదివారం నేను వేరే పనిలో ఉండి, తొందరలో వాన నీటి గుంతల గురించి అయిదు లైన్లు రాసి బుజ్జి చేతిలో పెట్టాను. చదివింది. కాగితం బోర్లా పెట్టింది. ఫోన్ తీసుకుని మైక్ నొక్కింది, మళ్లీ వదిలేసింది.

‘‘పిన్నీ, దీనికి మూడెందుకు? ఒక్కటి చాలు’’ అంది.